ఒకటో తరగతికి మగ టీచరా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పాసయ్యాడు. డీఎడ్ చేసి ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు చెప్తానంటున్నాడు. వాళ్ల నాన్నేమో అది ఆడవాళ్ల పని, చెప్పాలంటే బీఈడీ చేసి హైస్కూల్లో చెప్పు అంటున్నారు. మగపిల్లలకు మగ టీచరు ఉంటే ఆదర్శంగా ఉంటుందని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం? ఏ కోర్సులో చేర్పించాలి? – ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: ముందు కోర్సు సంగతి తేల్చుకోండి. ఇక్కడ తప్పటడుగు వేస్తే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం. బీఈడీ చేసినవారు ఒకటి నుంచి ఐదు తరగతుల టీచరు పోస్టుకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పిచ్చింది. కాబట్టి "బీఈడీ చేసి పెట్టుకుంటే ఎటైనా పనికొస్తుంది" అన్న పాత లెక్క ఇప్పుడు చెల్లదు. చిన్నపిల్లలకే చెప్పాలన్న కోరిక గట్టిదైతే డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల డీఎడ్‌లో చేరాలి. వీలైతే ప్రభుత్వ డైట్ కాలేజీలో సీటు కోసం ప్రయత్నించండి. ఆ తర్వాత టీచరు అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 1, ఆపై ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు.

టెట్‌ను పాస్ మార్కులతో సరిపెట్టుకోవద్దని అబ్బాయికి చెప్పండి. 2024 డీఎస్సీలో ఎస్జీటీ పరీక్ష 160 ప్రశ్నలకు 80 మార్కులు, మిగిలిన 20 టెట్ నుంచి వచ్చాయి. టెట్‌లో 150కి 105 వస్తే వెయిటేజీ 14, 120 వస్తే 16. ఆ రెండు మార్కులు డీఎస్సీలో నాలుగు ప్రశ్నలతో సమానం. ర్యాంకులు అరమార్కు తేడాతో మారే పరీక్షలో నాలుగు ప్రశ్నలు చిన్న విషయం కాదు. పైగా టెట్ మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు. అసలు ఇబ్బంది నోటిఫికేషన్ల మధ్య ఎడం. తెలంగాణలో 2017 తర్వాత నియామకాలు పూర్తయిన నోటిఫికేషన్ 2024దే. అందులో 11,062 పోస్టులుంటే 6,508 ఎస్జీటీవి. ఇలాంటి ఎడం వస్తే మీ అబ్బాయి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. అందుకే డీఎడ్ అయ్యాక ఊరికే కూర్చోకుండా డిగ్రీ పూర్తి చేయడం, ఆ తర్వాత బీఈడీ ఆలోచించడం మంచిది. డీఎడ్ రెగ్యులర్‌గా చేసినవారికి దూరవిద్యలో బీఈడీ చేసే దారి ఉంది. అది హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు, పదోన్నతికి పనికొస్తుంది.

ఇక వాళ్ల నాన్నగారి మాట. ఆయన గమనించింది అబద్ధం కాదు. దేశంలో టీచర్లలో స్త్రీలు సగం దాటారు. బడుల వివరాలు నమోదు చేసే 2024-25 యూడైస్ లెక్కల్లో 54.2 శాతం. అంగన్‌వాడీ టీచరు పోస్టు మొదటి నుంచీ మహిళలకే, మగవాళ్లకు ఆ తలుపు లేదు. "బతకలేక బడిపంతులు" అన్న సామెత పుట్టిన రోజుల్లో పంతుళ్లంతా మగవాళ్లే. అప్పుడైనా ఇప్పుడైనా చిన్నచూపు పనిచేసే మనిషి ఆడా మగా అన్నదాన్ని బట్టి కాదు, పిల్లల వయసును బట్టి వస్తోంది. ప్రభుత్వ జీతాల పట్టికే అది చెప్తుంది. తెలంగాణలో 2020 పీఆర్సీ వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ మొదటి మూలవేతనం 31,040, స్కూల్ అసిస్టెంట్‌ది 42,300. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. అబ్బాయి ఈ అంకెలు చూసి, లెక్క వేసుకుని, అయినా చేస్తానంటే అప్పుడు అది నిర్ణయం. ప్రైవేటు స్కూళ్లలో చిన్న తరగతుల జీతాలు దీనికి దరిదాపుల్లో ఉండవు. మగవారి దరఖాస్తును అక్కడి చాలా యాజమాన్యాలు పక్కనపెడతాయి, లేదా పీఈటీగానో కంప్యూటర్ టీచరుగానో రమ్మంటాయి. అందువల్ల ఇతని దారి ప్రధానంగా డీఎస్సీయే అనుకోవాలి.

మగపిల్లలకు మగ టీచరు ఆదర్శం అన్న మాటకు, కనీసం చదువు మార్కుల విషయంలో, ఆధారం బలహీనం. మన ప్రాంతంలోనే చేసిన పరిశీలన ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల సమాచారాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, కేత్కీ సేథ్ పరిశీలించి 2016లో ప్రచురించారు. మహిళా టీచర్ల దగ్గర ఆడపిల్లలు కొద్దిగా ఎక్కువ నేర్చుకున్నారు. మగపిల్లలకు మాత్రం నష్టమేమీ జరగలేదు. "అబ్బాయిలను దారిలో పెట్టాలంటే మగ టీచరు కావాలి" అన్న వాదనను ఇది నిలబెట్టదు. ఆ వాదనలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మగ టీచరు అంటే బెత్తం పట్టుకునేవాడు అన్న అర్థం లోపల దాక్కుని ఉంటుంది. ఇతర తరగతుల అల్లరి పిల్లలనూ ఆయన దగ్గరికే పంపడం మొదలవుతుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ పాత్రలోకి అబ్బాయి జారకూడదు.

మరి మగవాడు అక్కడ ఉండటంలో ప్రత్యేకత ఏమీ లేదా? నా ఉద్దేశంలో ఉంది, కానీ అది అబ్బాయిలకే పరిమితం కాదు. అన్నం గిన్నె కడగడం నేర్పేవాడిగా, ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టేవాడిగా, పాటకు అభినయం చేసేవాడిగా ఒక మగవాడిని రోజూ చూడటం ఆరేళ్ల పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, తెలియాల్సిన సంగతే. అయితే ఆ పని నిజంగా చేస్తేనే. డైట్ అభ్యాస పాఠాల్లో మగ ట్రైనీలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అభినయ గేయానికి సిగ్గుపడి, చేతులు కట్టుకుని వల్లె వేయిస్తారు. గొంతు పెద్దగా ఉంటుంది, మాట వేగంగా ఉంటుంది, నిలబడి బోర్డు దగ్గర నుంచే చెప్తారు. ఆ వయసు పిల్లలు ఒకే పని మీద పది, పదిహేను నిమిషాలకు మించి నిలవరు. ఆ తర్వాత చేతికి గింజలో కార్డులో ఇవ్వాలి, లేదా చోటు మార్చాలి. నేల మీద వాళ్ల కంటి ఎత్తులో కూర్చుని చెప్పడం మొదలెడితే గొంతు దానంతటదే తగ్గుతుంది.

ఇక భద్రత సంగతి. పోక్సో చట్టంలో పాఠశాల సిబ్బంది చేసిన నేరాన్ని తీవ్రమైనదిగా పరిగణిస్తారు, శిక్ష కూడా ఎక్కువ. దీన్ని చూసి భయపడి పిల్లలకు దూరంగా కూర్చోవడం పరిష్కారం కాదు. తరగతి తలుపు తెరిచి ఉంచాలి, ఒక్క బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, బాత్రూమ్‌కు తీసుకెళ్లడం, తడిసిన బట్టలు మార్చడం ఆయమ్మకో మహిళా టీచరుకో అప్పగించాలి. అలాంటివారు లేని బడిలో చేరిన వారంలోనే ప్రధానోపాధ్యాయుడితో, తల్లులతో మాట్లాడి ఎవరిని పిలవాలో ముందే తేల్చుకోవాలి. ఏ బిడ్డ మీదైనా అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం చట్టప్రకారం బాధ్యత. 1098 చైల్డ్‌లైన్ నంబరు కూడా తెలిసి ఉండాలి.

ఇద్దరు టీచర్లున్న బడిలో ఇంకో సంగతి జరుగుతుంది. ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ పని, మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు, యూడైస్ నమోదు "సార్ చూస్తారులే" అని మగ టీచరు మీద పడతాయి. ఆయన లేనప్పుడల్లా ఒకటి, రెండు తరగతులు పుస్తకాలు ముందు పెట్టుకుని ఖాళీగా కూర్చుంటాయి. ఇష్టపడి తీసుకున్న తరగతే ముందు నష్టపోతుంది. ఈ పనులను సహోద్యోగితో మొదట్లోనే పంచుకోవాలి.

డీసెట్‌కు దరఖాస్తు చేసే ముందు, మీ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని అడిగి, అబ్బాయిని పది పనిదినాలు ఒకటో తరగతిలో టీచరు పక్కన కూర్చోనివ్వండి. జూన్ నెల అయితే మరీ మంచిది, ఏడుపులన్నీ అప్పుడే ఉంటాయి. పదో రోజు సాయంత్రం వాళ్ల నాన్నగారి ముందు అబ్బాయిని రెండే అడగండి: ఏ పిల్లలు అక్షరాలు కలిపి చదవలేకపోతున్నారు, ఎందుకు? పేర్లు చెప్పి, కారణం ఊహించగలిగితే డీసెట్ ఫీజు కట్టేయండి. "అల్లరి చేస్తున్నారు" అన్న ఒక్క మాటే వస్తే డిగ్రీ, ఆపై బీఈడీ దారే అతనికి నప్పుతుంది.