గట్టి పలకకు ఫ్లాపీ అన్న పేరు తగునా?

సందేహం: పాత వస్తువుల ఫొటోలకు వ్యాఖ్యలు రాస్తున్నాను. మొదటి ఫొటోలో అరచేతిలో పట్టే గట్టి ప్లాస్టిక్ పలక ఉంది. ఫ్లాపీ అంటే వేలాడిపోయే మెత్తనిది కదా అని దాన్ని ‘హార్డ్ డిస్క్’ అన్నాను. రెండో దాన్ని ‘పాటల టేపు’ అన్నాను. టేపు అనాలా, క్యాసెట్టు అనాలా? రెండు ఫొటోలూ పంపుతున్నాను.

సమాధానం: మొదటిది ఫ్లాపీయే. ఆ పేరు పైతొడుగును చూసి పెట్టింది కాదు, లోపలి బిళ్లను చూసి పెట్టింది. మీ ఫొటోలో పలక ఒక అంచున రేకు మూత కనిపిస్తోంది. దాన్ని వేలితో పక్కకు జరిపితే ముదురు గోధుమరంగులోనో నల్లగానో పలచటి పొర కనబడుతుంది. అయస్కాంత పూత పూసిన ప్లాస్టిక్ పొర అది. బయటికి తీసి ఊపితే కాగితంలా అల్లాడుతుంది. నేతిబీర సామెత ఇక్కడ చెల్లదు, ఇందులో నెయ్యి ఉంది, పైకి కనిపించదు అంతే. హార్డ్ డిస్క్‌లో తిరిగేవి అల్యూమినియంతోనో గాజుతోనో చేసిన వంగని పళ్లేలు. అవి మూసేసిన లోహపు పెట్టెలో ఉంటాయి.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ముందు వచ్చిన 8 అంగుళాల, అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలకు తొడుగు కూడా మెత్తనే, చేతిలో వంగేది. గట్టి తొడుగు 1980ల్లో మూడున్నర అంగుళాల రకంతో వాడుకలోకి వచ్చింది. దక్షిణాఫ్రికాలో దాన్ని బిరుసుదన్న అర్థంలో ‘స్టిఫీ’ అనేవారు. మనకు ఆ అవసరం పడలేదు, మెత్తదైనా గట్టిదైనా ఫ్లాపీ అనే అన్నాం.

రెండో ఫొటో దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగాను. టేపు, క్యాసెట్టుల మాట ముందు చెబుతాను. టేపు అంటే లోపలి పట్టీ. క్యాసెట్టు అంటే ఆ పట్టీని, దాని రెండు చక్రాలను దాచిన పెట్టె. ‘చిన్న పెట్టె’ అనే ఫ్రెంచి మాటే ఇంగ్లీషు మీదుగా మనకు చేరింది. పెట్టె లేకుండా చక్రానికి చుట్టిన పట్టీ ఉంటే ‘రీలు’ అంటాం. మాటల్లో ‘ఆ టేపు పెట్టు’ అనడం తప్పేమీ కాదు, భాగం పేరుతో మొత్తాన్ని పిలవడం తెలుగుకు అలవాటే. కానీ ఫొటోలో కంటికి ఆనేది పెట్టె కాబట్టి వ్యాఖ్యలో క్యాసెట్టు అనే రాయండి.

అసలు చిక్కు ‘పాటల’ అన్న మాటతో వచ్చింది. మీరు క్యాసెట్టును చారల దుప్పటి మీద ఉంచి ఫొటో తీశారు. ఆడియో క్యాసెట్టు చక్రాల రంధ్రాలు ఈ వైపు నుంచి ఆ వైపుకు తెరిచే ఉంటాయి. అదే అయితే పళ్లున్న ఆ రెండు రంధ్రాల్లోంచి చారలు కనబడాలి. మీ ఫొటోలో రంధ్రాలే లేవు, ఒక కిటికీ మాత్రం ఉంది. అంచున పట్టీ కూడా బయటికి కనబడటం లేదు, దాని మీద తలుపులాంటి మూత ఉంది. ఆడియో క్యాసెట్టుకు ఆ అంచు తెరిచే ఉంటుంది, అక్కడ పెట్టె కొంచెం ఉబ్బి ఉంటుంది. మీరు పంపింది క్యామ్‌కార్డర్లలో వాడిన 8 మిల్లీమీటర్ల వీడియో క్యాసెట్టు. ఆ 8 లోపలి పట్టీ వెడల్పు, పెట్టె పొడవు 95 మిల్లీమీటర్లు, ఆడియో క్యాసెట్టుది 100. పక్కన కొలతకు మరో వస్తువు లేని ఫొటోలో ఈ తేడాను కన్ను పట్టలేదు. మందంలో తేడా ఉంది కానీ పైనుంచి తీసిన ఫొటోలో అది తెలియదు.

వీడియో క్యాసెట్టుకు చక్రాలను తిప్పే రంధ్రాలు అడుగువైపే ఉంటాయి, అవి పైకి తెరుచుకోవు. అందువల్ల తిరగేసి తీసిన ఫొటోలో రంధ్రాలు కనబడినా తొందరపడకండి, వాటిలోంచి కింది బల్లో దుప్పటో కనిపిస్తోందా అని చూడండి. ఇంట్లో సినిమాలు చూసిన పెద్ద వీహెచ్‌ఎస్ క్యాసెట్టుదీ ఇదే పద్ధతి, కాకపోతే 187 మిల్లీమీటర్ల పొడవున్న దాన్ని పొరబడేవారు అరుదు. మూతను చూసి వీడియో అని తేల్చడానికి ఒక మినహాయింపు ఉంది: డాట్ అనే చిన్న డిజిటల్ ఆడియో క్యాసెట్టుకూ మూత ఉంటుంది. అది 73 మిల్లీమీటర్లే. అలాంటి చోట పెట్టె మీద అచ్చయిన అక్షరాలు చదవాల్సిందే.

రెండో ఫొటోలోని క్యాసెట్టు నిజంగా ఆడియోదే అయినా ‘పాటల’ అని రాయమనను. పాటలు లోపలి సరుకు, అది ఫొటోకు చిక్కదు. ఒకప్పటి ఇంటి కంప్యూటర్ల ప్రోగ్రాములు కూడా ఆ క్యాసెట్లలోనే దాచేవారు. పైన చేత్తో రాసిన చీటీ ఉంటే ‘చీటీ మీద ఇలా ఉంది’ అని రాయవచ్చు.

క్యాసెట్, క్యాసెట్టు రెండూ వాడుకలో ఉన్నాయి. నాకు అజంతమైన క్యాసెట్టే ఇష్టం. బహువచనం ఎలాగూ క్యాసెట్లే. ఇక మీ వ్యాఖ్యలు: ‘మూడున్నర అంగుళాల ఫ్లాపీ’, ‘8 మిల్లీమీటర్ల వీడియో క్యాసెట్టు, పైభాగం’.