బంగారం షాపులో బిల్లు మొత్తం చూసి కస్టమర్లను విడగొట్టవచ్చా?

"బెంగళూరులో మాది చిన్న బంగారం షాపు. రెండేళ్ల బిల్లులు ఎక్సెల్‌లో ఉన్నాయి. కస్టమర్లను సందర్భం, ఖర్చు బట్టి విడగొట్టాలి. 50 వేలలోపు, 2 లక్షలలోపు, ఆపైన అని మూడు ముక్కలు చేస్తే సరిపోతుందా?"

సరిపోదండీ. చిక్‌పేటలో మా మామయ్య షాపు లెక్కలు నేనే చూస్తాను. మన దగ్గర ఒక బిల్లు అంటే ఒక సందర్భం కాదు. పెళ్లివాళ్లు ఒకే రోజు వచ్చి అంతా కొనుక్కుని వెళ్లిపోరు కదా.

ఒక తెలుగు కుటుంబం లెక్క చెప్తాను. అమ్మాయి పెళ్లి. ముందు తల్లి వచ్చి 48 గ్రాముల హారం తీసుకున్నారు. ఇంట్లో ఉన్న పాత గాజులు కరిగించి పరీక్ష చేస్తే 22 క్యారెట్ల లెక్కన 30 గ్రాములు వచ్చింది, అది పోను మిగతాదానికి కట్టారు. మూడు వారాలకు కొడుకు వచ్చి పుస్తె, నల్లపూసలు కలిపి 14 గ్రాములు తీసుకున్నాడు, బిల్లు అతని ఫోన్ నంబరు మీద. పెళ్లి వారం ఉందనగా తండ్రి వచ్చి వెండి మెట్టెలు, కుంకుమ భరిణె, పళ్లెం కొన్నారు. మీ పద్ధతిలో చూస్తే వీళ్లు ముగ్గురు వేర్వేరు కస్టమర్లు, అందులో ఒకరు "చిన్న వెండి కస్టమర్". నిజానికి ఇది ఒకే పెళ్లి. తీసుకున్న బంగారం 62 గ్రాములు, అందులో కొత్తగా డబ్బు పెట్టి కొన్నది 32. ఈ రెండంకెలూ విడివిడిగా రాసుకోండి. ఇలాంటివాళ్లకు ఏ ట్రే తీసి చూపించాలో 62 చెప్తుంది, వాళ్ల చేతిలో డబ్బు ఎంతో 32 చెప్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పాత బంగారం తీసేసిన మొత్తమే కనిపిస్తే పెళ్లివాళ్లంతా మధ్యరకం కస్టమర్లలా తేలతారు.

అందుకే ముందు బిల్లుల్ని కలపాలి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, స్కీమ్ నంబరు, వీటిలో ఏది కలిసినా ఒక కుటుంబం కింద వేసి, మూడు నెలల్లోపు బిల్లులన్నీ ఒక సందర్భంగా లెక్కపెట్టండి. సందర్భం ఏమిటో వస్తువే చెప్తుంది. పుస్తె, మెట్టెలు, నల్లపూసలు ఉంటే పెళ్లి. వెండి గిన్నె, చిన్న మురుగులు ఉంటే బారసాలో అన్నప్రాశనో. శ్రావణంలో లక్ష్మీ రూపు కొంటే వరలక్ష్మీ వ్రతం. మన తెలుగువాళ్లలో చాలామందికి పుట్టింటి పుస్తె ఒకటి, అత్తింటి పుస్తె ఒకటి. కాబట్టి బిల్లులో ఒక్క పుస్తే ఉందంటే అవతలి వైపువాళ్లు ఇంకా కొనలేదేమో అడగొచ్చు. మా షాపుకి కొత్త కుటుంబాలు ఎక్కువగా ఈ దారినే వచ్చాయి.

వస్తువును బట్టి తెలియకపోతే కౌంటర్లో అడగాలి. "ఏ సందర్భానికండీ" అంటే చాలామంది "ఊరికే" అంటారు. "ఎవరికండీ, ఎప్పటికి కావాలి" అని అడిగితే ముహూర్తం తేదీతో సహా చెప్తారు.

ఖర్చును రూపాయల్లో కొలవకండి. బంగారం ధర పెరిగితే నిరుడు 2 లక్షలలోపు ఉన్న గొలుసే ఈసారి పైగుంపులోకి వెళ్లిపోతుంది, కస్టమర్ మాత్రం మారలేదు. రాళ్లు, పూసలు తీసేసి నెట్ వెయిట్ గ్రాముల్లో పెట్టండి. పక్కనే తరుగు, మజూరీ ఒక కాలమ్‌లో ఉంచండి, మన లాభం అక్కడే ఉంది. అక్షయ తృతీయకు కాయిన్ కొనేవాళ్లు బోలెడంతమంది వస్తారు, కాయిన్‌లో మజూరీ దాదాపు ఏమీ మిగలదు. ప్రతి గుంపుకీ సగటు కాకుండా మధ్య అంకె తీయండి. ఒక్క వడ్డాణం బిల్లు చాలు సగటును పాడుచేయడానికి.

ఒక జాగ్రత్త. నంబరు ఇవ్వనివాళ్లకు సేల్స్ కుర్రాళ్లు షాపు నంబరో, సొంత నంబరో కొట్టేస్తారు. ఒకే నంబరు కింద కాయిన్లు, పుస్తెలు, ఉయ్యాల గొలుసులు అన్నీ కలిసి వస్తుంటే అది కుటుంబం కాదు, ఆ నంబరు తీసేయండి. 11 నెలల స్కీమ్ ముగిసి నగ తీసుకునేవాళ్లను కూడా పక్కన పెట్టండి. వాళ్లు వచ్చే తేదీని నిర్ణయించేది స్కీమే తప్ప సందర్భం కాదు. ఆ బిల్లులో పెళ్లి వస్తువు ఉంటేనే పెళ్లిలో కలపండి.

ఇలా కలిపి చూడటం క్యాష్ విషయంలో కూడా పనికొస్తుంది. ఆదాయపు పన్ను చట్టం ఒక మనిషి దగ్గర ఒకే సందర్భానికి సంబంధించి 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోకూడదంటుంది. బిల్లులు ముక్కలు చేసినా, రోజులు మార్చినా మినహాయింపు లేదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడేది తీసుకున్నవాడికి, అంటే షాపుకి.

చివరికి మీ షీట్లో ఒక వరుస అంటే ఒక సందర్భం కావాలి, ఒక మనిషి కాదు. పైన చెప్పిన తల్లే వచ్చే శ్రావణంలో 2 గ్రాముల రూపు కోసం వస్తారు. అప్పుడు ఆవిడకి హారాల ట్రే తీస్తే విసుక్కుని వెళ్లిపోతారు.