నెఫ్రాన్ పటం మీద పెన్సిల్ మొన నడిపించి చూడండి

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ బైపీసీ. పాత పేపర్లలో వచ్చిన జువాలజీ పటాలు రోజూ వేస్తున్నా. నీట్‌గా వేస్తే టైం చాలట్లేదు, తొందరగా వేస్తే భాగాలు తప్పుతున్నాయి. మూడూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

ముందు ఆ టైం పెట్టుకుని వేయడం ఆపేయండి. పటంలో తప్పు ఉండగా రోజూ స్టాప్‌వాచ్ పెట్టి వేస్తే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది, పరీక్షలో అదే ఇంకా స్పీడుగా వస్తుంది. ముందు తప్పు పోవాలి. తప్పు పోతే నీట్‌నెస్ సగం దానంతట అదే వస్తుంది, టైం ఆఖర్న చూసుకోవచ్చు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు, బ్రాడీపేటలో చాలాకాలం జువాలజీ ట్యూషన్ చెప్పాను.

మా అక్క కూతురు విజయవాడలో హాస్టల్లో ఉండి బైపీసీ చదువుతోంది. సంక్రాంతి సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు పాత పేపర్ల కట్ట ఒకటి తెచ్చుకుంది, ప్రతి ప్రశ్న పక్కనా ఎవరో స్టార్లు పెట్టారు, ఒకటి, రెండు, మూడు. ఈ స్టార్లు పెట్టేవాళ్ళ మీద నాకు చాలా కోపం, మూడు స్టార్ల ప్రశ్న రాకపోతే పిల్లలు హాల్లోనే చెమటలు కక్కుతారు, స్టార్ పెట్టిన పెద్దమనిషి మాత్రం హాయిగా ఉంటాడు. సరే, అది వదిలేద్దాం. నెఫ్రాన్ వేయమన్నాను. చూడ్డానికి చాలా బాగుంది. గ్లోమరులస్‌ని నూలు ఉండలా చుట్టి షేడింగ్ కూడా ఇచ్చింది, ప్రాక్సిమల్ కన్వల్యూటెడ్ ట్యూబ్యూల్‌కి బోలెడు మెలికలు. భాగాల పేర్లన్నీ కరెక్టే.

"ఇప్పుడు ఈ పెన్సిల్ మొనే రక్తం అనుకో. అభివాహి ధమనికలోంచి బయల్దేరి నడిపించు" అన్నాను. గ్లోమరులస్‌లోకి వెళ్ళింది, ఇక బయటికి దారి లేదు. అపవాహి ధమనికని కేశనాళికల గుచ్ఛం నుంచి తియ్యకుండా బౌమన్ గుళిక గోడకి బయట అంటించేసింది. "సరే, ఇప్పుడు మొన మూత్రం అనుకో, గుళిక లోపలి ఖాళీలోంచి నడిపించు" అన్నాను. మెలికలు దాటింది, హెన్లీ శిక్యం దిగి ఎక్కింది, డిస్టల్ ట్యూబ్యూల్ దాటింది, సంగ్రహణ నాళం దగ్గర ఆగిపోయింది. అక్కడ గోడ గీత అడ్డంగా ఉంది. "పిన్నీ, ఇది మూసుకుపోయింది" అని నవ్వింది. మూత్రం పోవడానికి దారి లేని నెఫ్రాన్ అన్నమాట!

ఎందుకలా అయిందో చూస్తే కారణం చాలా చిన్నది. ఆ అమ్మాయి స్కేలు పెట్టి సంగ్రహణ నాళాన్ని ముందే రెండు నిలువు గీతలుగా వేసేస్తుంది, తర్వాత డిస్టల్ ట్యూబ్యూల్‌ని తెచ్చి దాని పక్కన అతికిస్తుంది. అతికిన చోట నిలువు గీత అలాగే ఉండిపోతుంది. చెరిపితే మచ్చ పడుతుంది, మచ్చని కప్పడానికి మళ్ళీ షేడింగ్, దానికి మళ్ళీ టైం. ఒక్క వరస తప్పుకి మీరడిగిన మూడూ దెబ్బతిన్నాయి.

అందుకే వరస మార్పించాను. అర పేజీ తీసుకుని కుడివైపు మూడో వంతు పేర్లకి వదిలెయ్యాలి. మిగిలిన చోట పైనుంచి మూడో వంతు దగ్గర ఒక చుక్కల గీత పెట్టాలి, పైన వల్కలం, కింద దవ్వ. తర్వాత పైన ఎడమవైపు బౌమన్ గుళిక కప్పు వేసి, దాని నోటి దగ్గర నుంచి నాళం ఒక గోడని చివరిదాకా తీసుకెళ్ళాలి: మూడు మెలికలు చాలు, చుక్కల గీత దాటి కిందకి దిగి హెన్లీ శిక్యంలా మలుపు తిరిగి మళ్ళీ పైకి. పైకొచ్చాక గ్లోమరులస్‌కి రక్తం తెచ్చే, తీసుకెళ్ళే రెండు ధమనికల మధ్యకి దగ్గరగా వెళ్ళాలి, ఇది చాలామంది మర్చిపోతారు. అక్కడి నుంచి మళ్ళీ రెండు మూడు మెలికలు తిరిగి కుడికి వచ్చి సంగ్రహణ నాళంలో కలవాలి. రెండో గోడ మొదటిదాని పక్కనే అదే ఎడంతో గీస్తే నాళం వెడల్పు సమానంగా వస్తుంది. సంగ్రహణ నాళం ఆఖర్న, కలిసే చోట నోరు తెరిచి ఉంచి. అన్నీ అయ్యాక రక్తనాళాలు: అభివాహి ధమనిక కాస్త లావుగా, అపవాహి సన్నగా. ఇది అందానికి కాదు, లోపలికొచ్చే దారి వెడల్పు, బయటికెళ్ళే దారి ఇరుకు కాబట్టే గ్లోమరులస్‌లో పీడనం ఎక్కువగా ఉండి రక్తం వడపోత జరుగుతుంది. అపవాహి ధమనిక అక్కడితో ఆగదు, నాళాల చుట్టూ కేశనాళికలుగా చీలుతుంది, రెండు కొమ్మలు చూపిస్తే చాలు.

పేర్లకి స్కేలుతో అడ్డగీతలు, ఒకదానికొకటి సమాంతరంగా, బాణం గుర్తు లేకుండా. గీత చివర భాగాన్ని తాకాలి, దాని పక్కన ఖాళీలో ఆగకూడదు. పేర్లు మూత్రం నడిచే దారి వరసలోనే రాస్తే ఏదీ జారిపోదు. తెలుగు మీడియం పిల్లలు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. "సమీపస్థ సంవళిత నాళం" అని రాయడానికి పట్టే టైం కూడా మీ లెక్కలోదే, బొమ్మ అయ్యాక స్టాప్‌వాచ్ ఆపేసి స్పీడు పెరిగిందనుకోకండి.

ఇక పాత పేపర్ల సంగతి. పుస్తకం తెరిచి చూస్తూ పదిసార్లు కాపీ చేయించే హోంవర్క్ ఇస్తారు కదా, అది శుద్ధ దండగ, చెయ్యి నొప్పి తప్ప ఏం రాదు. పేపర్‌లో ప్రశ్న చదివి, పుస్తకం మూసి వేయండి. తర్వాత పుస్తకం తెరిచి తప్పున్న చోటే ఎర్రపెన్నుతో సున్నా చుట్టండి. మర్నాడు మొత్తం పటం వద్దు, సున్నా చుట్టిన ముక్క ఒక్కటే చిన్నగా కొన్నిసార్లు వేసి, ఆ తర్వాతే పూర్తి పటం. అదే చోట మళ్ళీ సున్నా పడితే వరసలోనే ఏదో తేడా ఉందని అర్థం. ఇంకోటి, "విసర్జక వ్యవస్థ వర్ణించండి" అన్నా, "మూత్రం ఏర్పడే విధానం వివరించండి" అన్నా ఇదే పటం పనికొస్తుంది, రెండోదానికి బాణాలు చేరుతాయి అంతే. కాబట్టి ప్రశ్నలన్నిటినీ పటం వారీగా ఒక కాగితం మీదకి ఎక్కిస్తే వేయాల్సినవి మీరు భయపడినన్ని ఉండవు.

ఎర్ర సున్నాలు పోయాకే టైం చూడండి. మీ పేపర్ 60 మార్కులకి 3 గంటలైతే మార్కుకి 3 నిమిషాలు, 8 మార్కుల ప్రశ్నకి 24. అందులో పేర్లతో కలిపి పటానికి 7 నిమిషాలు దాటకూడదని నా లెక్క. దాటితే ముందు మెలికలు తగ్గించండి, తర్వాత షేడింగ్ పూర్తిగా మానేయండి. చెయ్యి వేగం పెంచాలని చూడొద్దు.

ఈ పెన్సిల్ నడిపించే పద్ధతి గుండె పటానికి కూడా సరిగ్గా సరిపోతుంది, మహాసిరల నుంచి మొదలుపెట్టి ఊపిరితిత్తుల మీదుగా తిరిగి మహాధమని దాకా నడిపించండి. వెన్నుపాము అడ్డుకోతకి మాత్రం పనికిరాదు, అక్కడ నడిచే దారి కనపడదు. దానికి కుడి ఎడమ సగాలు ఒకేలా ఉన్నాయా, నాడీసంధి ఉబ్బు పృష్ఠ మూలం మీదే ఉందా అని చూసుకోండి.