35కి ఇచ్చిన షేరు బ్యాలెన్స్ షీట్లో 10 రూపాయలుగానే ఎందుకు ఉంటుంది?

ప్రశ్న: మాది ఒంగోలులో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. షేరు 10 రూపాయలది. బయటాయనకి 35 చొప్పున ఇచ్చాం. ఆడిటర్ గారు షేర్ క్యాపిటల్లో 10 లెక్కనే చూపించారు. మిగతా 25 ఏమైనట్టు? అలాగే మా బావమరిదికి 8 రూపాయలకి ఇవ్వాలనుకుంటున్నాం, ఇవ్వొచ్చా?

జవాబు:

మీ ఆడిటర్ వేసింది కరెక్టే. బావమరిదికి 8 రూపాయలకి కొత్త షేర్లు ఇవ్వడం మాత్రం కుదరదు. కాకపోతే మేము ఒకసారి 8కే ఇచ్చాం, అదీ చట్టప్రకారమే. అదెలాగో చివర్లో చెప్తాను.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లో పదకొండేళ్లు అకౌంట్స్ చూశాను. ముగ్గురు భాగస్వాములు కలిసి పెట్టిన కంపెనీ అది. ఆథరైజ్డ్ క్యాపిటల్ 25 లక్షలు, అంటే 10 రూపాయల షేర్లు రెండున్నర లక్షల వరకు ఇవ్వొచ్చు. మొదట ఇచ్చినవి లక్ష షేర్లు. 10 రూపాయల షేరు 10కే ఇచ్చారు కాబట్టి అది పార్ మీద ఇవ్వడం. బ్యాంకులోకి 10 లక్షలు వచ్చాయి, షేర్ క్యాపిటల్ 10 లక్షలు అయింది. ఇందులో బుర్ర పెట్టాల్సిందేమీ లేదు.

నాలుగో ఏడు కొత్త కటింగ్ మెషీన్‌కి డబ్బు కావాల్సి వచ్చింది. నెల్లూరు నుంచి ఒకాయన పెట్టుబడి పెడతానని వచ్చాడు. అప్పటికి కంపెనీ చేతిలో ఆర్డర్లున్నాయి, షెడ్డుంది, పేరుంది. వీళ్లు మొదట్లో రిస్క్ తీసుకుని 10 పెట్టిన చోట, అన్నీ కుదురుకున్నాక వచ్చినాయనకీ 10కే ఇస్తే పాతవాళ్లకి నష్టం. రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్ట్ తెప్పించి, స్పెషల్ రిజల్యూషన్ చేసి, 50,000 షేర్లు 35 చొప్పున ఇచ్చారు. మొత్తం పదిహేడున్నర లక్షలు వచ్చింది. ఇలా బయటి వ్యక్తికి ప్రిఫరెన్షియల్‌గా ఇచ్చేటప్పుడు అలాట్‌మెంట్ నాటికే పూర్తి డబ్బు కట్టించుకోవాలి. వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పుకోకూడదు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ట్యాలీలో Capital Account కింద షేర్ క్యాపిటల్ లెడ్జర్ ఒక్కటే ఉండేది. వచ్చిన పదిహేడున్నర లక్షలూ దాంట్లోకే కొట్టేశాను. పాత 10 లక్షలతో కలిపి ఇరవై ఏడున్నర లక్షలు చూపించింది. చూడటానికి బానే ఉంది, బ్యాలెన్స్ షీట్ కూడా టాలీ అయింది. టాలీ అయితే చాలు అనుకునే వయసు అప్పుడు నాది.

ఆడిటర్ గారు ఆ కాగితం పట్టుకుని రెండే ప్రశ్నలు అడిగారు. "ఏందయ్యా, మీకు ఆథరైజ్డ్ ఎంత?" 25 లక్షలన్నాను. "మరి 25 లక్షల పర్మిషన్‌తో ఇరవై ఏడున్నర లక్షల షేర్లు ఎట్టా ఇచ్చారు?" నాకు నోట మాట రాలేదు. తర్వాత కాలిక్యులేటర్ నా వైపు జరిపి, మొత్తం షేర్లెన్నో దాన్ని 10తో గుణించమన్నారు. లక్షా యాభై వేలు ఇంటూ 10. పదిహేను లక్షలు. ఆయన ఇంకేమీ అనలేదు, పెన్నుతో నా అంకె కొట్టేసి 15,00,000 అని రాశారు.

ఆ గుణకారమే ఇప్పటికీ నేను మొదట చేసే చెకింగ్. పూర్తిగా డబ్బు కట్టిన షేర్లయితే, షేర్ల సంఖ్యని ముఖ విలువతో గుణిస్తే షేర్ క్యాపిటల్ అంకె రావాలి. రాలేదంటే ముఖ విలువ పైన వచ్చిన ప్రీమియం లోపల కలిసిపోయిందనో, కాల్స్, అంటే షేరు మీద విడతలుగా కట్టమన్న డబ్బు, బాకీ ఉన్నాయనో, అలాట్ చేయని డబ్బు వచ్చి కూర్చుందనో అర్థం. ఎంతకి ఇచ్చారన్నది ఆ గుణకారంలోకి రానే రాదు.

మిగతా 25 సంగతికొస్తాను. 50,000 షేర్ల మీద 25 చొప్పున పన్నెండున్నర లక్షలు. అది సెక్యూరిటీస్ ప్రీమియం అనే లెడ్జర్‌లో పడి, బ్యాలెన్స్ షీట్లో Reserves & Surplus కింద కనిపిస్తుంది. సరిచేశాక మా కాగితం ఇలా ఉంది:

షేర్ క్యాపిటల్ (1,50,000 × 10): 15,00,000
సెక్యూరిటీస్ ప్రీమియం (50,000 × 25): 12,50,000
లాభనష్టాల ఖాతా, పేరుకున్న నష్టం: –2,00,000
షేర్‌హోల్డర్ల నిధులు మొత్తం: 25,50,000

మీ పేజీలో షేర్ క్యాపిటల్ ఎదురుగా ఒక నోట్ నంబర్ ఉంటుంది. ఆ నోట్ తెరిస్తే ఆథరైజ్డ్ ఎంత, ఇష్యూ చేసింది ఎంత, సబ్‌స్క్రైబ్ అయి పూర్తిగా కట్టింది ఎంత అని విడివిడిగా ఉంటుంది. ఆథరైజ్డ్ సమాచారం కోసం చూపేదే, మొత్తంలో కలవదు. ఏడాది మొదట్లో ఎన్ని షేర్లు, చివర ఎన్ని, 5 శాతం పైన ఎవరికున్నాయి అన్నదీ అక్కడే ఉంటుంది. మీరు 35కి ఇచ్చిన షేర్లు సంఖ్యగా ఆ నోట్‌లోనే దొరుకుతాయి.

ఒక చిన్న సంగతి. మీరు డబ్బు మార్చిలో తీసుకుని అలాట్‌మెంట్ ఏప్రిల్లో చేసుంటే, మార్చి 31 నాటికి అది షేర్ క్యాపిటల్ కాదు, ప్రీమియమూ కాదు. అలాట్‌మెంట్ కావాల్సిన అప్లికేషన్ డబ్బుగా వేరే లైన్లో ఉండాలి. ప్రైవేట్ ప్లేస్‌మెంట్ అయితే డబ్బొచ్చిన 60 రోజుల్లో అలాట్ చేయాలి. లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగిచ్చేయాలి, అదీ చేయకపోతే 12 శాతం వడ్డీ.

మా పెద్ద భాగస్వామి ఆ పన్నెండున్నర లక్షలు చూసి, "అబ్బయా, రిజర్వే కదా, తలా రెండు లక్షలు డివిడెండ్ తీసుకుందాం" అన్నాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. పేరుకి రిజర్వ్ అయినా అది సంపాదించిన లాభం కాదు, వాటాదారు పెట్టిన సొమ్ము. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 52 దాన్ని ఇంచుమించు పెయిడప్ క్యాపిటల్ లాగే చూస్తుంది. బోనస్ షేర్లు ఇవ్వడానికి, ప్రిలిమినరీ ఖర్చులు, షేర్ల ఇష్యూ ఖర్చులు కొట్టేయడానికి, బైబ్యాక్‌కి, ఇంకా అలాంటి ఒకటి రెండు పనులకే వాడుకోవచ్చు. డివిడెండ్‌కి కాదు.

"మరి ఆ డబ్బు బ్యాంకులో కదలకుండా పెట్టాలా?" అని ఆయన వెంటనే అడిగాడు. అక్కర్లేదు. అప్పటికే ఆ డబ్బు మెషీన్ అయిపోయింది. ఎడమ చేతి వైపు రాసిన ప్రీమియం, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పేరు మాత్రమే. డబ్బు ఏమైందో ఆస్తుల వైపు చూడాలి. కట్టడి ఉన్నది ఆ ఖాతా బ్యాలెన్స్‌ని తగ్గించడానికే. డబ్బుని వ్యాపారంలో వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇప్పుడు మీ బావమరిది విషయం. పాత 1956 చట్టంలో సెక్షన్ 79 కింద, కంపెనీ లా బోర్డు అనుమతి లాంటి షరతులతో డిస్కౌంట్ మీద ఇచ్చే వీలుండేది. పాత బీకాం పుస్తకాల్లో "షేర్ల జారీపై డిస్కౌంట్" లెక్కలన్నీ ఆ కాలానివే. ఇప్పుడు సెక్షన్ 53 ప్రకారం ముఖ విలువ కంటే తక్కువకి ఇస్తే ఆ ఇష్యూయే చెల్లదు. జరిమానా పడుతుంది, తీసుకున్న డబ్బు 12 శాతం వడ్డీతో వెనక్కివ్వాలి. ఉద్యోగులకి, డైరెక్టర్లకి ఇచ్చే స్వెట్ ఈక్విటీకి, రుణ పునర్వ్యవస్థీకరణలో అప్పులవాళ్లకి ఇచ్చే షేర్లకి మాత్రం మినహాయింపు ఉంది. బావమరిది అన్న చుట్టరికం ఆ జాబితాలో లేదు. ఇంకో మాట, డిస్కౌంట్ అన్నది 35తో పోల్చి చూసేది కాదు, 10తో పోల్చి చూసేది. 20కి ఇస్తే అది ఇంకా ప్రీమియమే, వాల్యూయర్ రిపోర్ట్‌తో పొంతన కుదరాలన్న సమస్య వేరు.

ఇక మేము 8కి ఇచ్చిన కథ. తర్వాతి ఏడాది పాత వాటాదారులకే అయిదుకి ఒకటి చొప్పున 30,000 షేర్లు రైట్స్‌గా పార్ మీద ఇచ్చాం. అందరికీ వాటాని బట్టి వస్తాయి కాబట్టి 10కే ఇచ్చినా నెల్లూరు ఆయనకి అన్యాయం జరగలేదు. అప్లికేషన్‌తో 3, అలాట్‌మెంట్‌కి 3, చివరి కాల్ 4. భాగస్వాముల్లో మూడో ఆయనకి 2,000 షేర్లు వచ్చాయి. 6 చొప్పున కట్టి, చివరి 4 కట్టనని కూర్చున్నాడు. ఎనిమిది వేలు లేక కాదు, మిగతా ఇద్దరి మీద పంతం.

అప్పుడు లక్షా ఎనభై వేల షేర్లని 10తో గుణిస్తే 18,00,000 రావాలి, కానీ కాల్స్ ఇన్ ఎరియర్స్ 8,000 తీసేసి 17,92,000 చూపించాం. ఆ బాకీని ఆస్తుల వైపు రావాల్సిన డబ్బుగా పెట్టకూడదు, షేర్ క్యాపిటల్ నోట్‌లోనే తగ్గించి చూపాలి. ఆర్టికల్స్ ప్రకారం నోటీసు పంపాం, కనీసం 14 రోజుల గడువిచ్చాం, కట్టలేదు, బోర్డు ఆ షేర్లని ఫర్‌ఫీట్ చేసింది, అంటే ఆయన దగ్గర్నుంచి జప్తు చేసుకుంది. ఆయన కట్టిన 12,000 ఫర్‌ఫీటెడ్ షేర్స్‌గా క్యాపిటల్‌లోనే మిగిలింది. 17,80,000కి 12,000 కలిపితే మళ్లీ అదే 17,92,000.

ఆ 2,000 షేర్లనే ఇంకొకరికి 8 చొప్పున, పూర్తిగా కట్టినవిగా మళ్లీ ఇచ్చాం. పాతాయన దగ్గర్నుంచి ఇప్పటికే 6 వచ్చింది, కొత్తాయన 8 ఇచ్చాడు, కంపెనీకి షేరుకి 14 చేరింది. కాబట్టి ఇది సెక్షన్ 53 నిషేధించిన డిస్కౌంట్ కాదు, కొత్త ఇష్యూ కాదు. తగ్గించిన 2 చొప్పున 4,000 ఆ ఫర్‌ఫీట్ డబ్బులోంచి పూడ్చాం. మిగిలిన 8,000 క్యాపిటల్ రిజర్వ్‌కి వెళ్లింది, లాభంలోకి కాదు. షేర్ క్యాపిటల్ నిండుగా 18,00,000 అయింది. ఆ షేర్లని 4 కంటే తక్కువకి మాత్రం ఇవ్వలేం, ఎందుకంటే ఫర్‌ఫీట్ అయిన 6 కంటే ఎక్కువ తగ్గించే వీలులేదు.

మీ దగ్గర ఇలా ఫర్‌ఫీట్ అయిన షేర్లుంటే మీ బావమరిదికి 8కి ఇవ్వడం గురించి ఆడిటర్‌తో మాట్లాడండి. లేకపోతే కొత్త షేరుకి కనీసం 10 పెట్టాల్సిందే.