పాసివ్ వాయిస్ పాఠం చెప్పబోతున్న మా అమ్మాయికి

చి. అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పబోతున్నావని, మొదటి పాఠమే యాక్టివ్, పాసివ్ వాయిస్ అని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు గర్వంగానూ అనిపించింది, కొంచెం గుబులుగానూ అనిపించింది. ఆ పాఠాన్ని నల్లబల్ల మీద ఒక పట్టిక గీసి, పిల్లల చేత బట్టీ పట్టించి, పరీక్షతో సరిపెట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. నువ్వు ఆ దారిన పోకూడదనే ఈ ఉత్తరం.

కర్మను ముందుకు తేవాలి, కర్తను వెనక్కి పంపి అవసరమైతే దానికి ముందు 'బై' చేర్చాలి, 'హి' ఉన్నచోట 'హిమ్' రావాలి అన్న సంగతులు ఏ గైడులోనైనా ఉంటాయి, వాటికి పది నిమిషాలు చాలు. అసలు పని క్రియ దగ్గర ఉంది. టెన్సుకొక సూత్రం చొప్పున నేర్పకు, ఒక్కటే నేర్పు. యాక్టివ్ వాక్యంలో అసలు క్రియ ఏ రూపంలో ఉందో చూసి, ఆ రూపాన్ని 'బి' అనే క్రియకు తొడిగి, అసలు క్రియను మూడో రూపంలో, అంటే మనం వి త్రీ అనే రూపంలో, దాని వెనక పెట్టాలి. 'రిపేర్స్' అన్నది వర్తమాన రూపం కనుక 'బి' కూడా వర్తమానంలోకి వచ్చి 'ఈజ్ రిపేర్డ్' అవుతుంది. భూతకాలపు 'రిపేర్డ్' అయితే 'వాజ్ రిపేర్డ్'. 'ఈజ్ రిపేరింగ్'లో ఇంగ్ ఉంది కాబట్టి 'బి'కి ఇంగ్ తగిలి 'ఈజ్ బీయింగ్ రిపేర్డ్' అవుతుంది. 'హ్యాజ్ రిపేర్డ్'లో ఉన్నది మూడో రూపం, 'బి'కి మూడో రూపం 'బీన్', అందుకని 'హ్యాజ్ బీన్ రిపేర్డ్'. 'విల్ రిపేర్', 'కెన్ రిపేర్' వంటివాటిలో క్రియ మారకుండా ఉంది గనుక 'బి' కూడా మారకుండా 'విల్ బి రిపేర్డ్', 'కెన్ బి రిపేర్డ్' అని నిలుస్తుంది. ఇదే లెక్కన 'హ్యాజ్ బీన్ రిపేరింగ్'ను మారిస్తే 'హ్యాజ్ బీన్ బీయింగ్ రిపేర్డ్' వస్తుంది. సూత్రం ప్రకారం తప్పు లేకపోయినా అలా రాసేవారు దాదాపు ఉండరు. పర్ఫెక్ట్ కంటిన్యువస్ వాక్యాలను, 'విల్ బి రిపేరింగ్' వంటివాటిని పాసివ్‌లోకి మార్చమని పిల్లలను వేధించకు.

సహాయక క్రియలో ఏకవచనం, బహువచనం కొత్త కర్తను బట్టి మారతాయని మాత్రం గట్టిగా చెప్పు. 'ది మెకానిక్ ఈజ్ రిపేరింగ్ ది లిఫ్ట్స్' అన్న వాక్యాన్ని మార్చేటప్పుడు సగం తరగతి ఆ 'ఈజ్'నే అట్టిపెట్టుకుంటుంది. లిఫ్టులు ముందుకు వచ్చాయి కనుక 'ది లిఫ్ట్స్ ఆర్ బీయింగ్ రిపేర్డ్' అనాలి.

ఈ లిఫ్టు ఉదాహరణ ఊరికే ఎంచుకున్నది కాదు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. ఒకనాడు లిఫ్టు చెడిపోతే, మెకానిక్ పనిలో ఉండగానే, తలుపు పక్కన కాగితం అంటించే పని వాడి మీద పడింది. పట్టిక అప్పజెప్పడంలో వాడిది తరగతిలో పెద్ద చెయ్యి. అయినా రాసేటప్పుడు 'ది లిఫ్ట్ ఈజ్ రిపేర్డ్' అని రాశాడు. వాడి మనసులో ఉన్నది 'లిఫ్టుకు మరమ్మతు జరుగుతోంది' అన్న మాట. చదివినవాళ్లకు అందింది 'లిఫ్టు బాగుపడింది' అన్న మాట. వచ్చినవాళ్లు వచ్చినట్టు మీట నొక్కడం మొదలుపెట్టారు. లోపల పని చేస్తున్న మెకానిక్ ముందే కరెంటు తీసేసి ఉంచాడు గనుక సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అందుకే అది అంత ప్రమాదం. 'ఈజ్' పక్కన మూడో రూపం ఒక్కటే ఉంటే రెండు అర్థాలు వస్తాయి. 'ఎవ్రీ మంత్' అని చేరిస్తే ప్రతి నెలా జరిగే పని అవుతుంది. ఏమీ చేర్చకపోతే, ముఖ్యంగా నోటీసు మీద, ఆ మూడో రూపం విశేషణంలా మారిపోయి, పని పూర్తయిన తర్వాతి స్థితిని చెబుతుంది. పని ఇంకా నడుస్తోందని చెప్పగలిగేది 'బీయింగ్' ఒక్కటే. పిల్లలు మింగేసే మాట కూడా అదే, ఎందుకంటే అది పలకడానికి అడ్డం, లేకపోయినా వాక్యం నిండుగానే కనిపిస్తుంది. వాళ్ల జవాబులు దిద్దేటప్పుడు ఒక ప్రశ్న వెయ్యి: ఈ వాక్యం చదివినవాడికి పని అయిపోయినట్టు తోస్తుందా, అవుతున్నట్టు తోస్తుందా? అయిపోయిందని చెప్పాలంటే 'హ్యాజ్ బీన్ రిపేర్డ్' అని స్పష్టంగా రాయమను. 'బీన్', 'బీయింగ్' రెండూ చెవికి దగ్గరగా ఉంటాయి కాబట్టి నోటితో చెప్పించి ఊరుకోకు, రాయించు. నిన్ను విసిగిస్తున్నానని తెలుసు తల్లీ, కానీ ఈ ఒక్క విషయంలో నాకు భయం పోదు.

ఇక పాసివ్ ఎప్పుడు మేలు అన్నది. ఆ నోటీసునే చూడు. 'ఎ మెకానిక్ ఈజ్ రిపేరింగ్ ది లిఫ్ట్' అని రాయవచ్చు, కానీ తలుపు ముందు నిలబడ్డవాడికి మెకానిక్‌తో పని లేదు, లిఫ్టుతోనే పని. చేసినవారు తెలియనప్పుడు, తెలిసినా చదివేవారికి అక్కర లేనప్పుడు పాసివ్ సహజంగా వస్తుంది, అక్కడ 'బై' కూడా ఉండదు. వాడుకలోని పాసివ్ వాక్యాల్లో ఎక్కువ భాగం 'బై' లేనివే. 'బై సమ్‌వన్', 'బై పీపుల్' అని పిల్లలు తగిలిస్తే కొట్టివెయ్యి. చేసినవారే అసలు విశేషమైతే మాత్రం 'బై' ఉండాలి. 'ది కంప్లైంట్ వాజ్ రిటన్ బై ఎ టెన్-ఇయర్-ఓల్డ్ గర్ల్' అన్నప్పుడు ఆ పదేళ్ల పిల్ల వాక్యం చివర నిలబడటం వల్లే మాటకు బరువు వచ్చింది.

ఒక పేరా రాయించి చూపించు. 'ది లిఫ్ట్ స్టాప్డ్ ఆన్ మండే. ఎ మెకానిక్ ఎగ్జామిన్డ్ ఇట్ అండ్ ఫౌండ్ ఎ డ్యామేజ్డ్ కేబుల్. ది కేబుల్ వాజ్ రీప్లేస్డ్ ది సేమ్ ఈవెనింగ్.' రెండో వాక్యం కేబుల్ దగ్గర ఆగింది గనుక మూడోది కేబుల్‌తోనే మొదలైంది, అలా మొదలవడానికి పాసివ్ అవసరమైంది. రెండో వాక్యంలో వెతికి కనుక్కున్నది మెకానిక్, అందుకని అక్కడ యాక్టివ్ బాగుంది. మొదటి వాక్యాన్ని 'వాజ్ స్టాప్డ్' అని మార్చబోతే ఎవరో కావాలని ఆపినట్టు అవుతుంది. 'హ్యాపెన్', 'అరైవ్' వంటి క్రియలకైతే కర్మే లేదు కనుక పాసివ్ ఉండనే ఉండదు. 'ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్' అని రాసేవారు నీకు మొదటి రోజే తగులుతారు, కోప్పడకుండా కర్మ ఎక్కడుందో చూపించమని అడుగు.

పాసివ్ వద్దని చెప్పవలసిన చోటు ఒకటుంది. ఆ కుర్రాడు మర్నాడు పై అధికారికి సంజాయిషీ రాస్తూ 'ఎ రాంగ్ నోటీస్ వాజ్ పుట్ అప్' అన్నాడట. ఎవరు పెట్టారన్నదే అక్కడ అడిగిన ప్రశ్న, ఆ వాక్యంలో లేనిదీ అదే. అధికారి కాగితం తిప్పి పంపితే 'ఐ పుట్ అప్ ఎ రాంగ్ నోటీస్' అని మళ్లీ రాసిచ్చాడు. నీ తరగతిలో ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసి, ఏది ఎవరికి ఇష్టమో, ఎందుకో పిల్లల చేతనే చెప్పించు.

ప్రశ్నపత్రం తయారు చేశాక నాకొకసారి పంపు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న