రక్షణ వాటాకా, ధరకా?

ప్రశ్న: అయ్యా, అనంతపురంలో మాది శెనక్కాయ నూనె కంపెనీ. ఇన్వెస్టర్లు పంపిన షేర్‌హోల్డర్ల అగ్రిమెంటును మా పార్ట్‌నర్ కోసం తెలుగులో రాస్తున్నాను. డ్రాగ్ అలాంగ్‌ను ‘లాక్కెళ్లే హక్కు’ అని, ట్యాగ్ అలాంగ్‌ను ‘వెంట వెళ్లే హక్కు’ అని, యాంటీ డైల్యూషన్‌ను ‘వాటా తగ్గకుండా రక్షణ’ అని రాశాను. సరిపోతాయా?

జవాబు: మొదటి రెండూ బాగున్నాయి. కాకపోతే ఎవరు ఎవరిని లాక్కెళ్తారో చెప్పకుండా వదిలేయకండి. ‘ఒప్పందంలో చెప్పినంత వాటా ఉన్నవాళ్లు కంపెనీని అమ్మదలిస్తే, మిగతావాళ్లూ అవే షరతులకు అమ్మి తీరాలి’ అంటే డ్రాగ్ తెలుస్తుంది. ‘పెద్ద వాటాదారు అమ్ముకుంటుంటే, చిన్న వాటాదారు కూడా అదే మనిషికి అదే ధరకు అమ్ముకోవచ్చు’ అంటే ట్యాగ్ తెలుస్తుంది. మీ పార్ట్‌నర్ చదవాల్సింది ఆ ‘తీరాలి’, ‘వచ్చు’ల తేడానే.

మూడోది మార్చక తప్పదు. మీ మాట చదివితే ఎవరి వాటా అయినా తగ్గదనిపిస్తుంది. కొత్త షేర్లు ఇస్తే, వాటిలో కొననివాళ్లందరి శాతమూ తగ్గుతుంది. ఈ షరతు కాపాడేది ఇన్వెస్టరు పెట్టిన ధరను. అదీ తర్వాతి షేర్లు అంతకంటే తక్కువ ధరకు అమ్మినప్పుడే.

మీ ఇద్దరికీ కలిపి 80,000 షేర్లు ఉన్నాయనుకుందాం. ఇన్వెస్టరు షేరుకు 1,000 రూపాయల చొప్పున 2 కోట్లు పెట్టి 20,000 ప్రిఫరెన్స్ షేర్లు తీసుకున్నారు. అవి తర్వాత మామూలు షేర్లుగా మారతాయి. గిరాకీ తగ్గి, మరుసటి ఏడు ఇంకొకరికి 500 చొప్పున 20,000 షేర్లు ఇచ్చి కోటి తెచ్చుకున్నారు. ఏ రక్షణా లేకపోతే మీకు మిగిలేది 66.7 శాతం.

ఒప్పందంలో ‘ఫుల్ రాచెట్’ ఉంటే, మొదటి ఇన్వెస్టరు కూడా 500కే కొన్నట్టు లెక్క. ఆయన 20,000 షేర్లు 40,000 అవుతాయి, మీ వాటా 57.1 శాతానికి పడిపోతుంది. కొత్తగా వచ్చింది కోటి రూపాయలే అయినా లెక్క ఇంతే. ‘వెయిటెడ్ యావరేజ్’ ఉంటే కొత్తగా ఎంత సొమ్ము వచ్చిందో కూడా చూస్తారు. అప్పుడు ఆయన ధర 1,000 నుంచి సుమారు 917కి మాత్రమే దిగుతుంది, షేర్లు దాదాపు 21,800 అవుతాయి. మీకు 65.7 శాతం మిగులుతుంది. ఒకే పేరు కింద ఇంత తేడా ఉంటే, పేరొక్కటే రాసి ఊరుకోవడం మీ పార్ట్‌నర్‌కు అన్యాయం.

అందుకే ‘తక్కువ ధరకు కొత్త షేర్లు ఇస్తే ఇన్వెస్టరు ధర సవరింపు’ అని రాయండి. పొడుగైనా పర్వాలేదు. దాని పక్కనే అది రాచెటా, యావరేజా అన్నదీ, ఉద్యోగులకిచ్చే ఈసాప్ షేర్లను ఈ సవరింపు నుంచి మినహాయించారా లేదా అన్నదీ రాయండి. మినహాయింపు లేకపోతే, మీ ఉద్యోగికి తక్కువ ధరకు ఇచ్చిన షేర్లు కూడా ఈ లెక్కను కదిలించవచ్చు.