రైస్ మిల్లులో నూకల మీద ఎప్పుడూ నష్టమే కనిపిస్తోంది, ఉమ్మడి ఖర్చు ఎలా పంచాలి?

ప్రశ్న: "మాది పచ్చి బియ్యం మిల్లు. వడ్లు ఆడిస్తే బియ్యం, నూకలు, తవుడు, ఊక వస్తాయి. ఇంతవరకు ఖర్చంతా తూకం ప్రకారం పంచుతున్నాం. లెక్కలో నూకలు ప్రతి నెలా నష్టం చూపిస్తున్నాయి. మార్చి 31కి స్టాక్ విలువ కట్టాలి. సరుకులు విడిపోయే దశలోని అమ్మకం ధర పట్టాలా, చివరి అమ్మకం ధరలో తర్వాతి ఖర్చులు పోను మిగిలే ఎన్ఆర్‌వీ పట్టాలా? తవుడుకి కూడా ఖర్చు పంచాలా?"

జవాబు: మిర్యాలగూడ వైపు మిల్లులకు చాలాకాలంగా లెక్కలు చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. మీ మిల్లుకి విడిపోయే దశలోని అమ్మకం ధరే సరిపోతుంది. ఎందుకో ఒక లాట్ తీసుకుని అంకెలతో చూపిస్తాను. ధరలు, దిగుబడి ఉదాహరణకు వేసుకున్నవి, మీవి పెట్టి చూసుకోండి.

100 క్వింటాళ్ల వడ్లు, క్వింటా రూ. 2,300 చొప్పున కొన్నారనుకుందాం. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర అదే. అంటే రూ. 2,30,000. దింపుడు హమాలీ, ఆరబెట్టడం, శుభ్రం చేయడం, షెల్లర్, పాలిషర్, గ్రేడర్ దాకా కరెంటు, కూలీ కలిపి రూ. 11,500. ఉమ్మడి ఖర్చు మొత్తం రూ. 2,41,500. గ్రేడర్ దగ్గరికి వచ్చేసరికి 56 క్వింటాళ్ల బియ్యం, 10 క్వింటాళ్ల నూకలు, 7 క్వింటాళ్ల తవుడు, 22 క్వింటాళ్ల ఊక చేతికొచ్చాయి. మిగతా 5 క్వింటాళ్లు తేమ, మట్టి, దుమ్ము కింద పోయాయి. ఆ 5 క్వింటాళ్లకు విడిగా ఖర్చు కట్టక్కర్లేదు. మామూలు తరుగు కాబట్టి దాని భారం మిగిలిన సరుకే మోస్తుంది.

ముందు తవుడు, ఊక సంగతి తేల్చాలి. వీటి కోసం ఎవరూ వడ్లు కొనరు, మొత్తం రాబడిలో వీటి వాటా తక్కువ. అందుకే నేను రెండింటినీ ఉప ఉత్పత్తులుగానే పెడతాను. వాటికి ఖర్చు పంచను, వాటి మీద చేతికొచ్చే నికర డబ్బును ఉమ్మడి ఖర్చులోంచి తీసేస్తాను. స్టాక్ విలువకు సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణాలు ఏఎస్-2, ఇండ్ ఏఎస్-2 రెండూ ఉప ఉత్పత్తుల విలువ పెద్దది కానప్పుడు ఈ పద్ధతిని ఒప్పుకుంటాయి. ఇక్కడ లోడింగ్ పోను తవుడు రూ. 2,000 చొప్పున 14,000, ఊక రూ. 250 చొప్పున 5,500, కలిపి రూ. 19,500. అది తీసేస్తే బియ్యానికీ నూకలకూ పంచాల్సింది రూ. 2,22,000.

మిల్లుతో పాటు సొంతంగా సాల్వెంట్ ప్లాంట్ ఉండి తవుడు నుంచి నూనె తీసేవాళ్లయితే నేను ఈ మాట చెప్పను. అక్కడ తవుడు మరో వ్యాపారానికి ముడిసరుకు, దాన్ని బియ్యంలాగే ఖర్చు పంచాల్సిన సంయుక్త ఉత్పత్తిగానే చూడాలి.

ఇప్పుడు మీ తూకం లెక్క. 2,22,000ని 66 క్వింటాళ్లతో భాగిస్తే క్వింటాకు సుమారు రూ. 3,364. నూకలు బజారులో రూ. 2,400కి పోతున్నాయి. అంటే ప్రతి క్వింటా మీద రూ. 964 నష్టం కనిపిస్తుంది. నూకల్లో నిజంగా నష్టమేమీ లేదు. గింజ విరిగితే బరువు అంతే ఉంటుంది, ధర పడిపోతుంది. ఖర్చు బరువు వెంట పోయింది, రాబడి ధర వెంట పోయింది. అదే మీ పుస్తకాల్లో నష్టమై కనిపిస్తోంది.

దీనివల్ల నిజమైన నష్టం జరగడం నేను చూశాను. ఒక మిల్లు యజమాని "ఖర్చు 3,400 దాకా పడింది కదా, 2,400కి ఎలా ఇస్తాం" అని నూకలు గోదాములో ఆపి కూర్చున్నారు. రేటు పెరగలేదు. వానాకాలంలో పురుగు పట్టింది. చివరికి దాణా వాళ్లకు ఇంకా తక్కువకి ఇచ్చేశారు. ఆ 3,400 అనేది బజారుకు సంబంధం లేని అంకె అని ఆయనకు చెప్పేవాళ్లు అప్పట్లో ఎవరూ లేరు.

విడిపోయే దశలోని ధర ప్రకారం చూద్దాం. గ్రేడర్ నుంచి వచ్చిన బియ్యాన్ని సార్టెక్స్ చేయకుండానే, అంటే రంగు మారిన గింజను మెషిన్‌తో ఏరేయకుండానే, వేరే మిల్లులు, వ్యాపారులు కొంటారు. ఆ ధర రూ. 3,800 అనుకుంటే 56 క్వింటాళ్లకు రూ. 2,12,800. నూకలు రూ. 2,400 చొప్పున 24,000. కలిపి రూ. 2,36,800. పంచాల్సిన 2,22,000 ఇందులో సరిగ్గా 93.75 శాతం. కాబట్టి బియ్యానికి క్వింటాకు రూ. 3,562.50, నూకలకు రూ. 2,250 పడుతుంది. రెండింటి మీదా అమ్మకం ధరలో లాభం శాతం ఒకటే, 6.25. లాట్ మీద వచ్చిన లాభం ఎంతో అది మారలేదు, ఒక సరుకు మీద నష్టమనీ ఇంకోదాని మీద భారీ లాభమనీ కనిపించడం మాత్రం ఆగింది.

ఎన్ఆర్‌వీ పద్ధతిలో చివరి అమ్మకం ధర నుంచి వెనక్కి వస్తాం. 56 క్వింటాళ్లను సార్టెక్స్‌లో వేస్తే 55 క్వింటాళ్లు మంచి బియ్యం వచ్చి రూ. 4,200కి అమ్ముడైంది, రంగు మారిన గింజ ఒక క్వింటా రూ. 2,000కి పోయింది. రాబడి రూ. 2,33,000. సార్టెక్స్ ఖర్చు 2,800, సంచులు 5,500, రవాణా, కమిషన్ 8,700, మొత్తం రూ. 17,000 తీసేస్తే బియ్యం ఎన్ఆర్‌వీ రూ. 2,16,000. నూకలు మిల్లు దగ్గరే పోతాయి కాబట్టి వాటిది 24,000. కలిపి 2,40,000. అందులో 2,22,000 అంటే 92.5 శాతం. బియ్యానికి రూ. 1,99,800, నూకలకు 22,200 పడుతుంది. మొదటి పద్ధతిలో ఇవి 1,99,500, 22,500. తేడా మూడు వందలే.

అంత దగ్గరగా వచ్చినప్పుడు ఏదైనా ఒకటే కదా అనిపిస్తుంది. కానీ ఒక్క అంకె మార్చి చూడండి. సార్టెక్స్ మెషిన్ సరిగ్గా పనిచేయకో, సంచుల రేటు పెరిగో ఆ 17,000 కాస్తా 22,000 అయిందనుకుందాం. బియ్యం ఎన్ఆర్‌వీ 2,11,000కి పడిపోతుంది. సార్టెక్స్ చేయకుండా అమ్మితేనే 2,12,800 వచ్చేది, అంటే ఇప్పుడు ఆ పని వల్ల నష్టపోతున్నారు. ఎన్ఆర్‌వీ లెక్కలో ఏం జరుగుతుంది? మొత్తం 2,35,000 అవుతుంది, శాతం 94.47కి పెరుగుతుంది, నూకల ఖర్చు క్వింటాకు 2,220 నుంచి సుమారు 2,267కి ఎక్కుతుంది. నూకలకు ఎవరూ అదనంగా రూపాయి పెట్టలేదు. అయినా సార్టెక్స్ దగ్గరి నష్టంలో కొంత వచ్చి నూకల నెత్తిన కూర్చుంది. విడిపోయే దశ ధర పట్టుకుంటే నూకలు 2,250 దగ్గరే ఉంటాయి, ఆ నష్టం బియ్యం లెక్కలోనే కనిపించి ఎక్కడ సరిచేయాలో చెబుతుంది. విడిపోయే దశలో నిజమైన బజారు ధర దొరికినంతకాలం నేను దాన్నే పట్టుకోమనేది ఇందుకే. ఆ దశలో సరుకు కొనేవాడే లేనప్పుడు ఎన్ఆర్‌వీ తప్ప వేరే దారి ఉండదు.

సార్టెక్స్ చేయాలా వద్దా అన్న నిర్ణయానికి పంచిన ఖర్చుతో పనే లేదు. 2,16,000కీ 2,12,800కీ తేడా రూ. 3,200 మిగులుతోంది కాబట్టి చేయండి. 22,000 ఖర్చయిన రోజున రూ. 1,800 పోతోంది కాబట్టి ఆపండి. వడ్ల డబ్బు ఎలా పంచినా ఈ రెండు అంకెలు మారవు.

ఇక మార్చి 31 స్టాక్. సార్టెక్స్ కాని బియ్యం 400 క్వింటాళ్లు, నూకలు 300 క్వింటాళ్లు ఉన్నాయనుకుందాం. తూకం పద్ధతిలో బియ్యం విలువ కొత్త పద్ధతి కన్నా దాదాపు రూ. 79,500 తక్కువ పడుతుంది. నూకలు 3,364 చొప్పున ఉంచడానికి వీల్లేదు, వసూలయ్యే ధర 2,400కి దించాలి. దించాక కూడా అవి 2,250 కన్నా 150 ఎక్కువ, అంటే 300 క్వింటాళ్లకు రూ. 45,000 ఎక్కువ. ఒకటి తగ్గి ఇంకోటి పెరిగి, ఈ ఏడాది లాభం కొంత వచ్చే ఏడాదికి జరుగుతుంది. పద్ధతి మారుస్తున్నారు కాబట్టి ఆడిటర్‌కి ముందే చెప్పి, ఆ తేడా ఎంతో రాసి పెట్టండి. తర్వాత ఏటా అదే పద్ధతి పాటించాలి.

సంచుల్లో నింపిన సార్టెక్స్ బియ్యం స్టాక్‌లో ఉంటే దానికి విడిపోయాక పెట్టిన ఖర్చు కలపాలి. 1,99,500కి సార్టెక్స్ 2,800, సంచులు 5,500 కలిపి, రంగు మారిన గింజ మీద వచ్చే 2,000 తీసేస్తే 2,05,800. 55 క్వింటాళ్లకు క్వింటా సుమారు రూ. 3,742. రవాణా, కమిషన్ మాత్రం కలపకండి, అవి అమ్మకం ఖర్చులు.

ధరలు ఏ రోజువి అన్నది చాలామంది పట్టించుకోరు. ఖర్చు పంచడానికి ఆడించిన నెల సగటు ధర తీసుకోండి, మార్చి 31 నాటి ధర కాదు. నూకల రేటు బియ్యం రేటుతో కలిసి నడవదు. 2022 సెప్టెంబర్‌లో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించింది. అలాంటిది జరిగితే మీ మిల్లులో ఏమీ మారకపోయినా రెండింటి నిష్పత్తి మారిపోతుంది. అందుకే ఏడాదంతా ఒకే నిష్పత్తి వాడకుండా నెలకోసారైనా మార్చుకోండి. బిల్లుల్లో ఉన్న ధరే వాడాలి, అంచనా కాదు.

తవుడు స్టాక్ ఉంటే ఇంకో జాగ్రత్త. పాలిషర్ నుంచి బయటికొచ్చిన వెంటనే తవుడులోని ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలవుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. సాల్వెంట్ వాళ్లు దాన్ని బట్టి ధర తగ్గిస్తారు. కాబట్టి వారం నుంచి పడి ఉన్న తవుడుకి తాజా తవుడు రేటు కట్టకండి, దానికి నిజంగా ఎంతిస్తారో అంతే రాయండి.

రేపు ఉప్పుడు బియ్యం కూడా మొదలుపెడితే ఊకను బాయిలర్‌కే వాడతారు. అప్పుడు దాని విలువను ఉమ్మడి ఖర్చులోంచి తీసి, మళ్లీ ఆవిరి ఖర్చుగా ఉమ్మడి ఖర్చుకే వేయాలి. రెండూ కొట్టుకుపోతాయి, మిగిలిన ఊక అమ్మితే వచ్చేదే తేడా తెస్తుంది.

మీరు సివిల్ సప్లయిస్‌కి సీఎంఆర్ కూడా ఆడిస్తుంటే ఆ వడ్లను ఈ లెక్కలో అసలు కలపకండి. అవి ప్రభుత్వానివి. పచ్చి బియ్యం అయితే క్వింటాకు 67 కిలోలు అప్పజెప్పాలి, మీకు వచ్చేది ఆడింపు ఛార్జీ, ఉప ఉత్పత్తులు. అక్కడ వడ్ల ధర మీ ఖర్చే కాదు కాబట్టి పంచడానికి ఉండేది ఆడింపు ఖర్చు ఒక్కటే. ఆ లాట్లకు తూకం రిజిస్టరు మొదటి రోజు నుంచే వేరుగా పెట్టండి, ఒకే గోదాములో కలిసిపోయాక ఏ నూకలు ఏ లాట్‌వో తేల్చడం కుదరదు.